పన్నెండు కణుపుల చెయ్యి

మా బళ్లో రెండో తరగతి అంటే ఒక్క పిల్లే. హాజరు పిలవాలంటే నాకే సిగ్గయ్యేది. పేరు పిలిస్తే "వచ్చిన టీచర్" అనేది, అంతటితో తరగతి మొత్తం వచ్చినట్టే. ఆ పిల్లకు జ్వరమొస్తే ఆ రోజు రెండో తరగతికి సెలవు.

దంతాలపల్లి దాటి కొంచెం లోపలికి వెళ్తే వచ్చే ఊరది. ఐదు తరగతులకూ కలిపి నేనొక్కదాన్నే టీచర్ని. ఉన్న పిల్లలందరినీ కూర్చోబెట్టినా ఒక గది నిండదు. ఊళ్లో పిల్లలు లేక కాదు. పొద్దున్నే పసుపు రంగు బస్సు హారన్ కొట్టుకుంటూ మా బడి గేటు ముందు నుంచే పోయేది. మా పిల్ల ఈడు వాళ్లంతా టైలు కట్టుకుని, మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని అందులో ఉండేవాళ్లు. ఆ బస్సంటే నాకు ఒళ్లు మంట. డ్రైవర్ పాపం మంచివాడే, నన్ను చూస్తే నమస్తే పెట్టేవాడు. నేను మాత్రం చూడనట్టు చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చేదాన్ని.

నాది జనగామ. మా ఆయన పోయిన మరుసటి ఏడు బదిలీ మీద ఇటు వచ్చాను. పిల్లల్లేరు. జనగామ ఇంటికి తాళం వేసి, దంతాలపల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున వండిందే రాత్రికీ తినేదాన్ని. మొదట్లో శనివారం సాయంత్రం తొర్రూరు మీదుగా జనగామ వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేదాన్ని. తర్వాత తర్వాత వెళ్లబుద్ధి కాలేదు. తలుపు తీయగానే దుమ్ము వాసన తప్ప ఎవరూ ఎదురురాని ఇంటికి బస్సు చార్జీలు దేనికి? సాయంత్రాలు టీవీ పెట్టుకుని వార్తలు చదివే వాళ్లతో పోట్లాడేదాన్ని. వాళ్లు తిరిగి ఒక మాటైనా అనరు, అదొక్కటే లోటు.

ఆ ఏడు మహబూబాబాద్‌లో, అంటే మా నోట్లో మానుకోటలో, మాకు గణితం శిక్షణ జరిగింది. చిన్న పిల్లలకు నోటిలెక్కలు ఎలా అలవాటు చేయాలో చెప్పారు. రోజూ ప్రార్థన అయిపోగానే ఐదు నిమిషాలు, చేతిలో నాలుగు కార్డులు, అంతే. కార్డుకు ఒక వైపు కూడిక ఉంటుంది. రెండో వైపు వరుసకు ఐదు చొప్పున రెండు వరుసల గళ్లు, ఆ గళ్లలో చుక్కలు. ముందు జంట కూడికలు: నాలుగూ నాలుగూ, ఆరూ ఆరూ. అవి నోటికొస్తే వాటి పక్కవి. ఆరూ ఆరూ పన్నెండని తెలిసిన పిల్లకు ఆరూ ఏడూ అడిగితే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే పని లేదు, ఒకటి ఎక్కువ. తర్వాత పదికి జతలు: ఏడుకు మూడు, ఆరుకు నాలుగు. ఆ పైన పది చేయడం. ఎనిమిదీ ఐదూ అంటే, ఐదులోంచి రెండు తీసి ఎనిమిదికిస్తే పది అవుతుంది, మిగిలినవి మూడు, మొత్తం పదమూడు. వచ్చిన కార్డు ఒక కట్టలోకి, తడబడిన కార్డు ఇంకో కట్టలోకి. తడబడింది మర్నాడు మళ్లీ రావాలి. తొందరపెట్టకూడదు, పోటీ పెట్టకూడదు. జవాబు చెప్పాక "ఎట్ల చేసినవ్?" అని మాత్రం తప్పకుండా అడగాలి.

అంతా బాగుంది. చివర్లో, "పిల్లలను జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు కార్డు చూపించాలి, ఒకరు చెప్పాలి" అన్నారు.

"తరగతికి ఒక్కతే ఉంటె ఎట్ల సార్?" అని లేచి అడిగాను.

హాలంతా నవ్వింది. శిక్షణ ఇస్తున్నాయన కూడా నవ్వి, "అయితే రెండో పిల్ల మీరే మేడం" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. కానీ గదికి వచ్చి చార్టు కాగితం కత్తిరిస్తూ కూర్చున్నాక ఆ మాట అంత చెడ్డదనిపించలేదు. స్కెచ్ పెన్నుతో అంకెలు లావుగా రాసి, వెనక గళ్లు గీసి, చుక్కలు పెట్టాను. చాలా రోజుల తర్వాత ఆ సాయంత్రం టీవీ పెట్టలేదు.

మర్నాటి నుంచి మొదలుపెట్టాం. నాలుగు, ఐదు తరగతుల వాళ్లకు ఎక్కాలు అప్పజెప్పి, చిన్నవాళ్లకు పలకలిచ్చి, నేను చాప మీద ఆ పిల్లకు ఎదురుగా కూలబడేదాన్ని. కూర్చోవడానికి మోకాళ్లు ఒప్పుకునేవి కావు, లేవడానికి అసలే ఒప్పుకునేవి కావు. సన్నగా, నూనె పెట్టి బిగించిన జడలతో, చేతులకు మోచేతి దాకా మట్టి గాజులతో ఉండేది ఆ పిల్ల. మాట తక్కువ. మాట్లాడడానికి ఎవరున్నారు గనక? ఒకటో తరగతి వాళ్లు తనకు చిన్నపిల్లలు, మూడో తరగతి మగపిల్లలు తనను ఆటలోకి రానివ్వరు. అన్నం గంట కొట్టాక పళ్లెం పట్టుకుని అరుగు చివర ఒక్కతే కూర్చుని తినేది. నేను నా టిఫిన్ డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చునేదాన్ని. ఇద్దరం మాట్లాడకుండా తినేవాళ్లం. ఎదుటి మనిషి నములుతున్న చప్పుడు వినబడడం కూడా ఒక తోడే అని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పిల్ల నాయినమ్మతో ఉండేది. తల్లిదండ్రులు భూపాలపల్లిలో. తండ్రి బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కింద టిప్పర్ నడిపేవాడు. నాయినమ్మ గాజులమ్మే మనిషి. గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. కురవి జాతరకు పోయి వీరభద్రుడి గుడి బయట గాజులు పరుచుకుని కూర్చునేది.

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారమో ఏమో, తండ్రి బడికి వచ్చాడు. వాకిట్లోనే చెప్పులు విడిచి, నిలబడే మాట్లాడాడు.

"మేడం, మీరేం అనుకోవద్దు. మీరు మంచిగనే చెప్తున్నరు. గని ఒక్క పిల్ల ఎవలతోటి సదువుతది? ఎవలతోటి ఆడుకుంటది? మా దగ్గరికి తోలుకపోదామంటె అక్కడ దుమ్ము, నా డ్యూటీలు ఒక తీరుగ ఉండయ్. వచ్చే ఏడు బస్సు బడిల ఏద్దామనుకుంటున్న."

నేను పైకి "మీ ఇష్టం" అన్నాను. 

"గని ఒకటున్నది మేడం. మూడో తరగతిల తీసుకోవాలంటె నోటిలెక్కలు అడుగుతరట. వేళ్లు ముడుసుకుంట లెక్కవెడితె మళ్ల రెండోదాంట్లనే ఏస్తరట. ఏడాది ఎనుకకు పోతది. గట్లయితె నేను ఎయ్య. ఈడనే మీ దగ్గర్నే ఉండనిస్త. జర చూసి మీరే చెప్పుండ్రి."

అంటే ఆ పిల్లకు నోటిలెక్క వస్తే నా దగ్గరి నుంచి పోతుంది. రాకపోతే ఉంటుంది. నేర్పవలసింది నేనే. దేవుడు కొన్నిసార్లు మనిషిని కావాలనే ఆటపట్టిస్తాడు. నేనేం మహాత్మురాలిని కాను. ఆ సాయంత్రం గదిలో కూర్చుని, మెల్లగా నేర్పితే ఎవరడుగుతారు అనుకున్నాను. ఎదురుగా ఆ పిల్ల లేని చాప, ఖాళీ అరుగు కళ్ల ముందు కనబడ్డాయి. కానీ నేర్పకుండా ఉండడం నాకు చేతకాదు. చాప మీద కూర్చుని, ఎదుట పిల్ల కళ్లెత్తి చూస్తుంటే చెయ్యి దానంతటదే కార్డు తీస్తుంది.

పైగా ఆ పిల్ల లెక్క నాకు అంతుచిక్కలేదు. అదొక పరేషాన్. ఆరూ ఆరూ అనగానే పన్నెండు అనేది. మూడూ మూడూ టక్కున చెప్పేది. ఐదూ ఐదూ మాత్రం ఆలస్యం. లోకంలో పిల్లలందరికీ రెండు చేతులు చూడగానే వచ్చేది అదే కదా? ఎనిమిదీ నాలుగూ, తొమ్మిదీ మూడూ, ఏడూ ఐదూ చూపిస్తే రెప్ప కొట్టకముందే పన్నెండు. అంతకంటే తేలికైన ఏడూ మూడూ, ఆరూ నాలుగూ దగ్గర మాత్రం తడబాటు. రోజూ పది జతల కార్డులన్నీ తడబడిన కట్టలోకే పోయేవి. శిక్షణలో చెప్పిన క్రమానికి ఇదంతా తలకిందులు.

"ఎట్ల చేసినవ్ బిడ్డా?" అంటే "ఎట్లనో వచ్చింది టీచర్" అనేది. చేతులు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడవకుండానే చెప్పేది. కంఠతా పట్టిందేమో అనుకుని కార్డులు మార్చి మార్చి చూశాను. అదీ కాదు.

ఒక సాయంత్రం, పిల్ల ఎలా చదువుతోందో ఇంట్లో చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. అవ్వ గడపలో కూర్చుని గాజులు విడదీస్తోంది. పిల్ల ఎదురుగా కూర్చుని సాయం చేస్తోంది. ఇద్దరి ఎడమచేతుల బొటనవేళ్లు గాజుకొక కణుపు చొప్పున ఒకే తీరుగా కదులుతున్నాయి. చూపుడువేలి కణుపులు మూడు, నడిమివేలివి మూడు, ఉంగరపువేలివి మూడు, చిటికెనవేలివి మూడు. చెయ్యి నిండితే డజను. అవ్వ డజనుకొక దారం ముడివేస్తోంది.

నేను అక్కడే నిలబడిపోయాను. అన్ని రోజులూ ఆ బొటనవేలు పిల్ల ఒళ్లో, గౌను మడతల్లో తిరుగుతూనే ఉంది, నాకు కనబడలేదు. ఆ పిల్ల చెయ్యికి నిండుదనం పది దగ్గర రాదు, పన్నెండు దగ్గర వస్తుంది. ఆరంటే సగం చెయ్యి. అందుకే ఆరూ ఆరూ అంత తేలిక. పది అంటే చిటికెనవేలి మీద ఒక్క కణుపు, నడిదారిలో ఆగినట్టు. అక్కడ ఎవరాగుతారు?

"ఎనిమిది గాజులు ఉన్నయ్ బిడ్డా, ఇంక ఐదు ఇచ్చిన. ఎన్ని?" అని గడపలోనే అడిగాను.

"పదమూడు."

"ఎట్ల?"

ఈసారి చేతిలో నిజం గాజులు ఉన్నాయి కాబట్టి నోరు తెరిచింది. "ఎనిమిదికి నాలుగు ఇస్తె డజను. ఇంకొకటి మిగిలింది. డజను మీద ఒకటి పదమూడు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేను నేర్పాలని తల బాదుకుంటున్నది ఆ పిల్లకు ఎప్పుడో వచ్చు. ఒక సంఖ్యను నింపడానికి రెండోదాన్ని విడదీయాలన్న కిటుకు మొత్తం దాని దగ్గర ఉంది. కాకపోతే నింపవలసింది పది అని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాను గానీ, వినబడేటట్టు చెప్పలేదు.

"పద్దెనిమిది ఉన్నయ్, ఇంక ఐదు ఇచ్చిన" అన్నాను.

బొటనవేలు కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. డజను మీద ఆరు, దాని మీద ఐదు అని పెదవులు కదిలాయి. డజను మీద పదకొండు దాకా వచ్చి, దాన్ని ఏమంటారో తెలియక నావైపు చూసింది. చిక్కు అక్కడుంది. మనం పలికే సంఖ్యలు, రాసే అంకెలు పదుల్లో కూర్చుంటాయి. పదమూడులో పది ఉంది, డజను లేదు. చిన్న లెక్కలకు డజను గట్టెక్కిస్తుంది, ఇరవై దాటగానే చెయ్యి వదిలేస్తుంది.

మర్నాడు కార్డులు పక్కన పెట్టాను. చాప ముందు నేల మీద సుద్దముక్కతో వరుసకు ఐదు చొప్పున రెండు వరుసల గళ్లు గీశాను. పిల్ల తన చేతి గాజులు తీసి గడికొకటి పెట్టింది. ఎనిమిది పెట్టి, ఐదు గుప్పిట్లో పట్టుకుంది.

"ఖాళీ ఎన్ని?"

"రెండు."

"నింపు."

రెండు పెట్టింది. గుప్పిట తెరిచి చూసింది. మూడు. గళ్లలో పది, గుప్పిట్లో మూడు. "పది... మూడు... పదమూడే టీచర్!" అంది ఆశ్చర్యంగా. రెండు దారుల్లో వెళ్లినా ఒకే ఊరొచ్చిందని దాని ఆశ్చర్యం. ఆ వారమంతా గాజులే. తర్వాత గాజులు తీసేసి కార్డు వెనక చుక్కలు, ఆ తర్వాత చుక్కలు కూడా చూడకుండా ఒట్టి అంకెలు. పద్దెనిమిదికి ఐదు అంటే, రెండిస్తే ఇరవై, మిగిలింది మూడు, ఇరవై మూడు. అది వచ్చిన రోజు పిల్ల నవ్వింది. ముందు పళ్లు రెండూ ఊడి ఉన్నాయి, కొత్తవి సగం మొలిచి ఉన్నాయి.

అవ్వకు మాత్రం ఇది నచ్చలేదు. ఒక రోజు బడి ముందు నుంచి మలారంతో పోతూ ఆగింది.

"ఏంది టీచరమ్మ, నా మనుమరాలికి పది గాజులకు ముడివెయ్యమని నేర్పుతున్నవట. డజన్ల లెక్కన తెచ్చి పదుల లెక్కన అమ్మాల్నా? నన్ను ముంచుతావు?"

"అది బడిల లెక్క అవ్వా. ఇంట్ల నీ లెక్క నీదే" అన్నాను.

"రెండు లెక్కలు ఎట్ల వడతయే చిన్న తలకాయల?"

పట్టాయి. ఇంట్లో డజను, బళ్లో పది. పిల్లలకు అది కష్టం కాదు, ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాష మాట్లాడే ఊళ్లో అసలే కష్టం కాదు. తడబడిన కట్ట రోజురోజుకూ పలచబడింది. ఐదు నిమిషాలు అయిపోయాక కూడా "ఇంకొకటి టీచర్" అని గౌను సర్దుకుని కూర్చునేది. ఒక్కోసారి కార్డులు తాను లాక్కుని నన్ను అడిగేది. నేను కావాలని ఆలస్యం చేస్తే, నాలాగే తల వంచి, "ఎట్ల చేసినవ్ టీచర్?" అనేది. దానికి జతగా కూర్చోవడం నాకు మానుకోటలో అప్పజెప్పిన పని అన్న సంగతే మరిచిపోయాను. పొద్దున నిద్ర లేస్తూనే ఈ రోజు ఏ కార్డులు అని ఆలోచించేదాన్ని. నన్ను ప్రశ్నలడిగే మనిషి లోకంలో అదొక్కతే మరి.

ఎండలు ముదిరాక తండ్రి ఫోన్ చేశాడు. "శనివారం పరీక్ష మేడం. నాకు లీవు దొరకదు, అమ్మకు ఆ బళ్లె మాట్లాడ రాదు. మీరే జర తోలుకపోండ్రి. మీకు మొక్కుత." సర్కారు టీచరు తన బడిలోని పిల్లను తానే చెయ్యి పట్టుకుని ప్రైవేటు బడిలో అప్పజెప్పడం! తెలిసిన వాళ్లు చూస్తే నవ్విపోతారు. అయినా ఒప్పుకున్నాను. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. మధ్యాహ్నం అన్నం అయ్యాక ఇద్దరం ఆటో ఎక్కాం.

ఆటోలో పిల్ల నాకు ఆనుకుని కూర్చుంది. చాలాసేపు బయటికి చూసి, అడిగింది.

"టీచర్, చెప్పకుంటె మీ దగ్గర్నే ఉంటనా?"

దానికి అంతా తెలుసు. పెద్దవాళ్లు తన ముందే మాట్లాడుకున్నవన్నీ విని ఉంది. ఉంటావని చెప్పడం అబద్ధం కాదు. నాకు కావలసింది కూడా అదే.

"తెల్సిన జవాబు తెల్వదని చెప్పొద్దు బిడ్డా" అన్నాను. అది తల ఊపి మళ్లీ బయటికి చూసింది.

ఆ బడి ఆఫీసు గదిలో ఫ్యాను బాగా తిరుగుతోంది. పరీక్ష పెట్టే సార్ చిన్నవాడు, మర్యాదస్తుడు. నాకు కుర్చీ చూపించాడు గానీ నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ముందు చదివించాడు. తర్వాత నోటిలెక్కలు. ఆరూ ఏడూ అన్నాడు, పదమూడు అంది. తొమ్మిదీ ఐదూ అన్నాడు, పద్నాలుగు అంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. వెనక నుంచి నాకు కనబడుతోంది, బొటనవేలు కదలడం లేదు.

"ఇరవై ఎనిమిదీ ఆరూ?" అన్నాడు.

పిల్ల మెల్లగా తల తిప్పి నావైపు చూసింది. రాకపోతే పర్లేదన్నట్టు సార్ కాగితం మీద పెన్ను పెట్టాడు. రాకపోవడమేమిటి? ఇరవై ఎనిమిదికి రెండు, ముప్పై, మిగిలింది నాలుగు. అంతకుముందు రోజే ఇదే లెక్క నన్ను అడిగి, నేను ఆలస్యం చేశానని నా చెయ్యి గిచ్చింది. అది నన్ను జవాబు అడగడం లేదు. నేను ముఖం పక్కకు తిప్పుకుంటే చాలు, అంతకంటే ఏమీ చేయనక్కర్లేదు. వచ్చే జూన్‌లో చాప మీద ఎదురుగా కూర్చుంటుంది.

తల ఊపాను. చెప్పమన్నట్టు.

"ముప్పై నాలుగు" అంది పిల్ల, నావైపు చూస్తూనే.

"గుడ్. ఎట్ల చేసినవమ్మా?" అని సార్ అడిగాడు. అది చెప్పింది. ఆయన నావైపు తిరిగి, "మంచిగ నేర్పిన్రు మేడం" అన్నాడు. ఆ మెచ్చుకోలు విన్నాక కాసేపు బయటికి వచ్చి పంపు దగ్గర ముఖం కడుక్కున్నాను. తిరిగొచ్చి ఇంటి ముందు ఆటో దిగాక, అది గబుక్కున నా నడుము పట్టుకుని, వదిలేసి లోపలికి పరుగెత్తింది.

వేసవి సెలవులు జనగామలో గడిపాను. ఇల్లు కడిగి, గోడలు దులిపి, కొత్త కార్డులు కూడా కత్తిరించాను. ఎవరికోసమని నన్ను నేను అడగలేదు.

జూన్‌లో బడి తెరిచాం. హాజరు పుస్తకంలో మూడో తరగతి పేజీలో ఒక్క పేరూ లేదు. ఒకటో తరగతిలో కొత్తగా ఇద్దరు చేరారు, వాళ్లు ఇంకా అమ్మల కొంగులు వదలలేదు. పొద్దున హారన్ వినబడగానే నేను గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కిటికీ పక్కన మా పిల్ల. టై కొంచెం వంకరగా ఉంది. నన్ను చూడగానే లేచి, రెండు చేతులూ ఎత్తి ఆరు వేళ్లు చూపించింది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. గబగబా నాలుగు వేళ్లు ఎత్తాను. చూసే ఉంటుంది.

అప్పటి నుంచి అదే మా పద్ధతి అయింది. ఒక రోజు అది అడిగేది, ఒక రోజు నేను. ఎనిమిది ఎత్తితే రెండు. ఐదెత్తితే ఐదు. గేటు ముందు బస్సు నెమ్మదించేది కాసేపే, ఆ కాసేపట్లోనే పదికి జత కుదరాలి. వంటచేసే అక్క చూసి, "ఏంది మేడం, బస్సుకు చేతులూపుతరు?" అని నవ్వింది. నవ్వనీ అనుకున్నాను. రోజు మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడినట్టుండేది అప్పుడే.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, నా వంతు. బస్సు వచ్చింది. నేను ఏడు వేళ్లు ఎత్తి నిలబడ్డాను. కిటికీ పక్కన మా పిల్ల ఉంది గానీ ముఖం ఇటు లేదు. పక్క సీటులో ఇంకో పిల్ల, నాకు తెలియని పిల్ల. మా పిల్ల దానికి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు ఎత్తి చూపిస్తోంది. ఆ పిల్ల తప్పు చెప్పినట్టుంది. మా పిల్ల పెద్దగా నవ్వి, దాని వేళ్లు తన చేతులతో సరిచేసింది. ఆ నవ్వు మా బళ్లో నేను ఎప్పుడూ వినలేదు. నాతో అది ఎంత బాగా ఆడినా, నేను దాని ఈడు మనిషిని కాను.

బస్సు మలుపు తిరిగింది. అది నావైపు చూడనే లేదు. నాకు సంతోషమైంది, నిజంగానే అయింది. సంతోషంతోనే ఏడ్చానని చెబితే మాత్రం అబద్ధం. నా ఏడు వేళ్లూ ఇంకా పైకే ఉన్నాయి, వాటికి కావలసిన మూడూ ఇంకెవరి దగ్గరో ఉన్నాయి.